బటన్ నొక్కితే ఉలుకూ పలుకూ లేదు: ఆరో పిన్ను దగ్గర మొదలైన ఒక కేసు

కొత్తగా బిగించిన డెస్క్‌టాప్ ఆన్ కావడం లేదని మా రిపేరు బెంచీకి వచ్చే సిస్టమ్‌లలో ఎక్కువ భాగం ఏదో ఒకటి చేస్తూనే వస్తాయి. ఫ్యాన్ తిరిగి డిస్‌ప్లే రాకపోవడమో, ఒక్క క్షణం కదిలి ఆగిపోవడమో, బీప్ కొట్టడమో ఉంటుంది. అలాంటివి ఒక రకంగా సులువు, మిషన్ తన బాధ తానే చెప్పుకుంటుంది. బటన్ నొక్కితే అసలు ఏమీ జరగని సిస్టమ్ వేరు. అక్కడ పట్టుకోవడానికి లక్షణమే ఉండదు. జనం వెంటనే మదర్‌బోర్డు పోయిందనో కరెంటు సరఫరా చేసే ఎస్‌ఎంపీఎస్ పోయిందనో తీర్మానించేస్తారు. ఈ కేసులో రెండూ పోలేదు. తప్పులు రెండున్నాయి, ఒకదాని వెనక ఒకటి దాక్కుని ఉన్నాయి.

సిస్టమ్ ఒక ఇంజినీరింగ్ విద్యార్థిది. ప్రాసెసర్, ర్యామ్, పూర్తి సైజు ఏటీఎక్స్ మదర్‌బోర్డు, ఎస్‌ఎంపీఎస్ సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లో కొత్తగా కొన్నాడు. క్యాబినెట్ మాత్రం కొనలేదు. వాళ్ల అన్నయ్య పాత సిస్టమ్‌ది ఇంట్లో ఉంటే దాన్నే వాడాడు. ఇంట్లో వీడియో చూసుకుంటూ తనే బిగించాడు. బటన్ నొక్కితే ఏమీ లేదు. పవర్ పిన్నులను స్క్రూడ్రైవర్‌తో ముట్టించి చూడమని స్నేహితుడు చెబితే అదీ చేశాడు, అయినా లేదు. బోర్డు విప్పి కొన్న షాపుకి పట్టుకెళ్తే అక్కడ కౌంటర్ మీద మొదటిసారికే ఆన్ అయింది. ఇంటికి తెచ్చి మళ్లీ బిగిస్తే మళ్లీ అదే మౌనం.

"షాపులో ఆడిందన్నా, ఇంట్లో ఆడట్లేదు. మా ఇంటి కరెంటులో ఏమన్నా ఉందా?" అని అడిగాడు.

"షాపులో బోర్డు దేని మీద పెట్టి చూశారు తమ్ముడూ?"

"దాని అట్టపెట్టె మీదే."

ఈ జవాబుకే సగం కేసు తేలిపోయింది. షాపులో, ఇంట్లో బోర్డు ఒకటే, ప్రాసెసర్ ఒకటే. మారినవి మూడే: ఎస్‌ఎంపీఎస్, క్యాబినెట్ ఇనుము, ముందు ప్యానెల్ వైర్లు. ఎస్‌ఎంపీఎస్ కూడా తీసుకెళ్లావా అంటే, లేదు, షాపువాళ్లది పెట్టి చూశారన్నాడు. కాబట్టి మూడూ అనుమానితులే.

చాలామంది ఇక్కడ పేపర్‌క్లిప్ పరీక్షకి వెళ్తారు. ఎస్‌ఎంపీఎస్ నుంచి బోర్డుకి వచ్చే 24 పిన్నుల కనెక్టర్‌లో 16వ పిన్ను, పాత రంగుల పద్ధతిలో పచ్చ వైరు, దాన్ని ఏదైనా నల్ల వైరుకు కలిపితే ఎస్‌ఎంపీఎస్ ఫ్యాన్ తిరుగుతుంది. పరీక్ష తప్పు కాదు గానీ దానికి జనం ఇచ్చే విలువ ఎక్కువ. ఎస్‌ఎంపీఎస్‌కి ఆన్ అవమనే ఆజ్ఞ అందితే అది ఆన్ అవుతుందని మాత్రమే అది చెబుతుంది. మన ప్రశ్న వేరు. ఆ ఆజ్ఞ ఇవ్వాల్సింది బోర్డు, అది ఎందుకు ఇవ్వడం లేదు? అందుకని నేను మల్టీమీటర్ తీసి ముందుగా బోర్డు మీద ముందు ప్యానెల్ వైర్లు తగిలించే హెడర్‌లో ఆరో పిన్ను కొలుస్తాను. ఎందుకో చెప్పాలంటే బటన్ ఎలా పనిచేస్తుందో కొంచెం చెప్పాలి.

గోడ స్విచ్చి వేసి, ఎస్‌ఎంపీఎస్ వెనక ఉన్న మీటను నిలువు గీత వైపు నొక్కగానే, సిస్టమ్ ఆన్ కాకపోయినా ఎస్‌ఎంపీఎస్ నుంచి ఒక చిన్న సరఫరా బోర్డుకి వెళ్తూనే ఉంటుంది. ఎస్‌ఎంపీఎస్ స్టిక్కర్ మీద +5VSB అని ఉండేది అదే. 24 పిన్నుల కనెక్టర్‌లో తొమ్మిదో పిన్ను, ఊదారంగు వైరు. బోర్డు ఆ 5 వోల్టుల నుంచి 3.3 వోల్టుల స్టాండ్‌బై సరఫరా తయారుచేసుకుంటుంది. బటన్ నొక్కారా లేదా అని కనిపెట్టుకుని ఉండే చిప్పు దానిమీదే బతుకుతుంది. పవర్ బటన్ తాలూకు రెండు పిన్నుల్లో ఒకటి గ్రౌండ్. రెండోదాన్ని ఒక రెసిస్టర్ ద్వారా ఆ స్టాండ్‌బై వోల్టేజికి కట్టి పైకి పట్టి ఉంచుతారు, సాధారణంగా 3.3, కొన్ని బోర్డుల్లో 5. బటన్ నొక్కితే ఆ పిన్ను గ్రౌండ్‌కి కలిసి సున్నాకి పడుతుంది. ఆ పడటం చూసి బోర్డు, ఎస్‌ఎంపీఎస్‌కి వెళ్లే పచ్చ వైరును కిందికి లాగుతుంది. అప్పుడు ఫ్యాన్లు తిరుగుతాయి.

అంటే ఆ ఒక్క పిన్ను మీద 3.3 వోల్టులు కనబడితే ఎస్‌ఎంపీఎస్ స్టాండ్‌బై బాగుంది, 24 పిన్నుల కనెక్టర్ దిగింది, బోర్డు మేలుకొని బటన్ కోసం ఎదురుచూస్తోంది. తప్పు ఎక్కువగా బటన్ వైపే ఉంటుంది. సున్నా కనబడితే బోర్డుకి ప్రాణమే అందలేదు, బటన్ ఎన్నిసార్లు నొక్కినా వినేవాళ్లు లేరు. హెడర్ వైర్లు పీకి మార్చి మార్చి పెట్టడం శుద్ధ దండగ. ఈ కొలత తీసుకోకుండా వైర్లతో కుస్తీ పడితే ఎంతసేపైనా పడుతూనే ఉండొచ్చు.

ఇప్పటి బోర్డుల్లో ఎక్కువ భాగం ఈ హెడర్‌కి ఒకే అమరిక వాడుతున్నాయి. బోర్డు మీద పేరు JFP1 అనో F_PANEL అనో PANEL1 అనో ఉంటుంది. రెండు వరసలు, ఒక మూల పిన్ను ఉండదు:

```
2  4  6  8
1  3  5  7  9
```

1, 3 హార్డ్‌డిస్క్ లైటు. 2, 4 పవర్ లైటు. 5, 7 రీసెట్. 6, 8 పవర్ బటన్. పదో పిన్ను ఉండాల్సిన చోట ఖాళీ, దిక్కు తెలుసుకోవడానికి అదే గుర్తు. తొమ్మిది దేనికీ వాడరు, కొన్ని బోర్డుల్లో దానిమీద 5 వోల్టులు ఉండొచ్చు కాబట్టి మీటరు మొన జారకుండా చూసుకోవాలి. పాత బోర్డుల్లో, ఇంకా 20 పిన్నుల హెడర్ ఉన్నవాటిలో అమరిక వేరు, అక్కడ ఆ మోడల్ మాన్యువలే ప్రమాణం.

మీటరును డీసీ 20 వోల్టుల మీద పెట్టి, నల్ల మొనను ఎస్‌ఎంపీఎస్ స్క్రూకి ఆనించి, పవర్ బటన్ ప్లగ్గు పీకేసి, ఎర్ర మొన ఆరో పిన్నుకి ముట్టించాను. సున్నా. ఎనిమిదో పిన్ను కూడా సున్నా, అది ఎటూ గ్రౌండే. బోర్డు మీద ఏ చిన్న లైటూ వెలగడం లేదు. అన్ని బోర్డులకూ స్టాండ్‌బై లైటు ఉండదు కనుక దానికి నేను పెద్ద విలువ ఇవ్వను. కానీ కొలత చెప్పింది స్పష్టంగా ఉంది. ఈ అబ్బాయి స్క్రూడ్రైవర్‌తో ముట్టించినా సిస్టమ్ ఎందుకు లేవలేదో కూడా ఇక్కడే తేలిపోయింది.

తర్వాత ఊదారంగు వైరు దగ్గర, కనెక్టర్ వెనక నుంచి మొన దూర్చి కొలిచాను. 5 వోల్టులకి కాస్త పైన. 4.75 నుంచి 5.25 మధ్య ఎంతున్నా సరే, కాబట్టి ఎస్‌ఎంపీఎస్ ఇవ్వాల్సింది ఇస్తోంది. బోర్డు దాకా 5 వస్తోంది, బోర్డు లోపల 3.3 పుట్టడం లేదు. షాపులో మాత్రం పుట్టింది. ఇక మిగిలింది క్యాబినెట్టే.

గోడ స్విచ్చి ఆపి, తీగ పీకి, మిగిలిన చార్జి పోయేదాకా బటన్ కాసేపు నొక్కి పట్టి, బోర్డును విప్పే ముందు టార్చి వేసి చూశాను. ఏటీఎక్స్ బోర్డుకి సాధారణంగా తొమ్మిది స్క్రూ రంధ్రాలుంటాయి. ఈ బోర్డుకీ తొమ్మిదే. బిగించినవి ఆరు. స్లాట్ల చివర, అడుగు అంచు వెంబడి ఉన్న మూడు రంధ్రాలూ ఖాళీ. వాటిలోంచి చూస్తే కింద, బోర్డును పళ్లేనికి తగలకుండా ఎత్తి పట్టే ఇత్తడి స్టాండాఫ్‌లు లేవు, క్యాబినెట్ ఇనుప పళ్లెం కనబడుతోంది.

"ఈ మూడూ ఎందుకు వదిలేశావు?"

"వాటికింద స్టాండాఫ్‌లు లేవన్నా. ఆరు గట్టిగానే పట్టుకున్నాయి కదా, చాలనుకున్నా. క్యాబినెట్‌లో స్టాండాఫ్‌లు లెక్కపెట్టా, సరిగ్గా తొమ్మిదే ఉన్నాయి."

ఈ మాట దగ్గరే నేను ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే లెక్క నిజంగానే సరిపోయింది. తొమ్మిది రంధ్రాలు, తొమ్మిది స్టాండాఫ్‌లు. కానీ ఆరింటికే జత కుదిరింది. మరి మిగిలిన మూడు స్టాండాఫ్‌లు ఎక్కడున్నట్టు?

క్యాబినెట్ అన్నయ్యది. ఆయన అందులో మైక్రో ఏటీఎక్స్ బోర్డు వాడాడు. ఏటీఎక్స్ బోర్డు 305 మిల్లీమీటర్ల పొడవు, 244 వెడల్పు. మైక్రో ఏటీఎక్స్ రెండు వైపులా 244. రెండూ పై నుంచి మొదలై ఒకే చోట కూర్చుంటాయి, ప్రాసెసర్ వైపు ఉన్న ఆరు రంధ్రాలు రెండింటికీ ఉమ్మడి. తేడా అడుగు వరసలోనే. ఏటీఎక్స్‌కి అది 305 చివర ఉంటే, మైక్రో ఏటీఎక్స్‌కి 244 లోపలే ఉంటుంది. మైక్రో కోసం అక్కడ బిగించిన మూడు స్టాండాఫ్‌లను తీయకుండా పైన ఏటీఎక్స్ బోర్డు పెడితే, ఆ మూడూ రంధ్రం లేని చోట బోర్డు వీపుకి కిందినుంచి గుచ్చుకుంటాయి. బోర్డు పెట్టాక అవి కంటికి కనబడవు. ఇత్తడి పళ్లేనికి తగిలి ఉంటుంది, పళ్లెం గ్రౌండ్. అవి దేనికి తగిలితే అది గ్రౌండ్ అయిపోతుంది.

అందుకే స్టాండాఫ్‌లను లెక్కపెట్టి ఊరుకోకూడదు, జత చూడాలి. బోర్డును పళ్లెం మీద పట్టుకుని ప్రతి రంధ్రంలోంచి ఇత్తడి కనబడుతోందా అని ఒక్కొక్కటే చూడాలి. ఒక్క రంధ్రం ఖాళీగా కనబడినా, దాని తాలూకు ఇత్తడి ఇంకెక్కడో ఉండే అవకాశం ఉందని అర్థం. చాలా క్యాబినెట్‌లలో పళ్లెం మీద ప్రతి చోటా A, M, I అని అక్షరాలు కొట్టి ఉంటాయి, ఏది ఏటీఎక్స్‌కి, ఏది మైక్రోకి, ఏది మినీ ఐటీఎక్స్‌కి అని. చీకట్లో అవి చదవకుండానే బిగించేస్తారు, అది వేరే సంగతి. చవక క్యాబినెట్‌లలో కొన్ని స్టాండాఫ్‌లు విడిగా ఉండవు, రేకునే ఉబ్బించి పెడతారు. వాటిని విప్పలేం కనుక ఆ ఉబ్బు మీద తన బోర్డుకి రంధ్రం ఉందో లేదో కొనేముందే చూసుకోవాలి.

బోర్డు బయటికి తీసి తిప్పితే వీపు మీద గుర్తు కనబడింది. చిప్‌సెట్ వెనక ప్రాంతంలో, నలుసంత కెపాసిటర్ల గుంపు పక్కన, ఇత్తడి నొక్కిన చంద్రవంక ఆకారపు గీత. మిగతా రెండు స్టాండాఫ్‌లు ఖాళీ పచ్చపూత మీద పడ్డాయి, వాటివల్ల హాని లేదు. విప్పేటప్పుడు ఇంకోటి గమనించాను. ఆ గుర్తుకి దగ్గరలో ఉన్న స్క్రూ మిగతావాటికంటే బిగువుగా ఉంది. బోర్డు కిందినుంచి పైకి ఎగదన్నుతుంటే దాన్ని స్క్రూ బలవంతంగా కిందికి లాగి పట్టింది. బిగించేటప్పుడు బోర్డు ఏ మూలైనా తనంతట తాను సమంగా కూర్చోకపోతే అక్కడే ఆగి కింద చూడాలి, స్క్రూతో లొంగదీయకూడదు.

బోర్డును దాని అట్టపెట్టె మీద పెట్టాను. బోర్డు వచ్చే వెండిరంగు కవరు మీద పెట్టి ఆన్ చేసేవాళ్లున్నారు. దాని పూతలో లోహం ఉంటుంది, పనికిరాదు, ఉత్త అట్టే మేలు. 24 పిన్నుల కనెక్టర్, ప్రాసెసర్‌కి వెళ్లే 8 పిన్నుల కనెక్టర్ పెట్టి, ఆన్ చేయకుండా ఆరో పిన్ను మళ్లీ కొలిచాను. 3.3 వోల్టులు. స్క్రూడ్రైవర్ మొనతో 6, 8 పిన్నులను ఒక్క క్షణం కలిపితే ఫ్యాన్ తిరిగింది. అబ్బాయి మొహం వికసించింది గానీ, నేను అప్పుడే సంబరపడొద్దన్నాను. బోర్డు బతికుందని తేలింది తప్ప ముందు ప్యానెల్ వైర్ల సంగతి ఇంకా ఎవరూ చూడలేదు.

సందేహం పూర్తిగా తీరడానికి ఆపేశాక, స్టాండ్‌బై ఉండగానే బోర్డును అంచు మీద నిలబెట్టి పట్టుకుని, గీత పడ్డ చోట ఉన్న కెపాసిటర్ చివర కొలిచాను. 3.3. అంటే స్టాండాఫ్ నేరుగా స్టాండ్‌బై లైన్‌నే గ్రౌండ్ చేసింది. ఆ 3.3 తయారుచేసే రెగ్యులేటర్, షార్ట్ చూసి తన కరెంటును కట్టడి చేసుకుని ఊరుకుంది. అందుకే ఏమీ కాలలేదు, బయటికి ఏ లక్షణమూ కనబడలేదు.

ఇదే స్టాండాఫ్ వేరే చోట తగిలి ఉంటే కథ మరోలా ఉండేది. 12 వోల్టుల లైన్‌కి తగిలితే స్టాండ్‌బై మామూలుగానే ఉంటుంది, బటన్ నొక్కగానే ఫ్యాన్ ఒక్కసారి కదిలి ఎస్‌ఎంపీఎస్ రక్షణలోకి వెళ్లి ఆగిపోతుంది, తీగ పీకి మళ్లీ పెట్టేదాకా చాలా ఎస్‌ఎంపీఎస్‌లు లేవవు. గ్రౌండ్ రాగికి తగిలితే అసలు ఏమీ కాదు. "మావాడు ఒకటి ఎక్కువ వదిలేశాడు, రెండేళ్లుగా ఆడుతోంది" అని చెప్పేవాళ్లు ఈ మూడో రకం అదృష్టవంతులు. సిగ్నల్ లైన్‌కి తగిలితే సిస్టమ్ ఆన్ అయి ఏదో ఒక పోర్టు పనిచేయదు, లేదా వేడెక్కి బోర్డు కాస్త వంగినప్పుడు మాత్రమే రీస్టార్ట్ అవుతుంది. ఆ రకం మాత్రం పట్టుకోవడం నరకం.

గీత పడ్డచోట భూతద్దంతో చూస్తే పచ్చపూత కాస్త లేచింది, రాగి తెగలేదు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక చిన్న ముక్క కాప్టన్ టేపు వేశాను. కొందరు స్టాండాఫ్ తీయకుండా దాని నెత్తిన టేపు వేస్తారు. అది చేయకండి, స్క్రూ బిగువుకి టేపు నలిగి చిరుగుతుంది. నట్ డ్రైవర్‌తో ఆ మూడు స్టాండాఫ్‌లను విప్పి అడుగున ఏటీఎక్స్ వరసలో బిగించాం. ఇప్పుడు తొమ్మిదికి తొమ్మిది జత కలిశాయి. వెనక పోర్టుల చుట్టూ ఉండే రేకు తాలూకు నాలుకలు ఏ పోర్టు లోపలికీ దూరలేదని చూసుకుని బోర్డు బిగించాం.

వైర్లు అబ్బాయినే పెట్టమన్నాను, తను ముందు ఎలా పెట్టాడో చూడాలని. పెట్టి, బటన్ నొక్కాడు. ఏమీ లేదు.

ఈసారి మౌనం వేరు. ప్లగ్గులున్నా పిన్నుల మొనలు కొంచెం బయటికి కనబడతాయి. ఆరో పిన్ను మొన మీద మీటరు పెట్టి బటన్ నొక్కమన్నాను. 3.3 అలాగే నిలబడి ఉంది, కదల్లేదు. బోర్డు మేలుకునే ఉంది, నొక్కిన కబురు ఆ పిన్నుకి చేరడం లేదు. అయితే స్విచ్చి పాడైందా, వైరు తెగిందా, ప్లగ్గు వేరేచోట ఉందా? ముందు స్విచ్చి. POWER SW ప్లగ్గు పీకి, మీటరును కంటిన్యుటీలో పెట్టి ప్లగ్గు రెండు రంధ్రాల్లో మొనలు పెట్టాను. బటన్ నొక్కినంతసేపు కూత, వదిలితే ఆగింది. స్విచ్చి, వైరు బాగున్నాయి. పాత క్యాబినెట్‌లలో వదిలినా కూత ఆగని స్విచ్చి కూడా తగులుతుంది, లోపల ఇరుక్కుపోయి ఉంటుంది. దానితో సిస్టమ్ ఆన్ అయి నాలుగు సెకన్లకి దానంతట అదే ఆగిపోతుంది, బటన్ పట్టి ఉంచినట్టే కనుక.

మిగిలింది చోటు. ప్లగ్గు మళ్లీ అతను పెట్టినట్టే పెట్టించి, ఈసారి రీసెట్ బటన్ నొక్కమన్నాను. సిస్టమ్ ఆన్ అయింది.

రెండు వరసలూ తారుమారయ్యాయి. POWER SW ప్లగ్గు 5, 7 మీద, RESET SW ప్లగ్గు 6, 8 మీద ఉన్నాయి. బోర్డు ఆపి ఉన్నప్పుడు రీసెట్ పిన్నులు ముట్టించినా ఏమీ జరగదు, అందుకే పవర్ బటన్‌కి చలనం లేదు. లైట్ల ప్లగ్గులూ అలాగే మారిపోయి ఉన్నాయి. కారణం కూడా మామూలుదే. పిన్నులు ఏ కొస నుంచి మొదలవుతాయో సరిగ్గానే పట్టుకున్నాడు, కానీ క్యాబినెట్‌ను తలకిందులుగా పడుకోబెట్టుకుని కూర్చున్నాడు. ఖాళీ మూల ఏ వరసలో ఉందో చూసుకోలేదు, తనకి దగ్గరగా ఉన్న వరసే కింది వరస అనుకున్నాడు. రీసెట్ బటన్ ఉన్న క్యాబినెట్ అయితే మీటరు లేనివాళ్లు కూడా ముందుగా చేయాల్సిన పరీక్ష ఇదే, పైసా ఖర్చు లేదు. ఇప్పుడొచ్చే చాలా క్యాబినెట్‌లలో రీసెట్ బటనే ఉండటం లేదు గనక ఆ వెసులుబాటు అందరికీ ఉండదు.

ప్లగ్గులు వరస మార్చి పెట్టించాను. బటన్, రీసెట్ ప్లగ్గులు ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తాయి, అవి ఉత్త స్విచ్చులు. లైట్లవి మాత్రం ప్లస్, మైనస్ చూసి పెట్టాలి, తిరగబడితే కాలిపోవు గానీ వెలగవు. పవర్ బటన్‌తో సిస్టమ్ ఆన్ అయి బయాస్ స్క్రీన్ వచ్చింది. స్టాండాఫ్‌లు సరిచేయకుండా ముందుగా వైర్లే సరిచేసి ఉంటే ఏమీ జరిగేది కాదు, సరిగ్గా పెట్టిన వైర్లనే తప్పనుకుని మళ్లీ మార్చేసేవాడు. అతను ఇంట్లో అలా ఎన్ని రకాలుగా మార్చాడో అడగలేదు.

ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఆరో పిన్ను మీద 3.3 ఉండి, క్యాబినెట్ బయట అట్టమీద స్క్రూడ్రైవర్‌తో ముట్టించినా లేవకపోతే, స్టాండాఫ్‌లూ వైర్లూ రెండూ నిర్దోషులే. అప్పుడు ముట్టించిన క్షణంలో పచ్చ వైరు మీద వోల్టేజి పడుతోందా అని చూడాలి. పడితే బోర్డు ఆజ్ఞ ఇచ్చింది, ఎస్‌ఎంపీఎస్ వినలేదు. పేపర్‌క్లిప్ పరీక్షకి అసలు చోటు అక్కడ. పడకపోతే బోర్డే ఆజ్ఞ ఇవ్వడం లేదు. బ్యాటరీ పక్కనున్న, బయాస్ సెట్టింగులు చెరిపే క్లియర్ సీమాస్ పిన్నుల మీద జంపర్ ఏదైనా వదిలేశారేమో చూసి, లేకపోతే వారంటీ కాగితం వెతుక్కోవాలి. మీటరుతో చేయగలిగిన పని అక్కడితో అయిపోతుంది.